చెంచా తగిలిన నురగ

బుర్సాలో మా పేట మొత్తం మీద బెహియే గారి కాఫీకి ఉన్నంత పేరు ఇంకెవరికీ లేదు. ఆవిడ ఇంట్లో తాగి వచ్చిన ప్రతివాడూ ముందు నురగ గురించే చెబుతాడు. కప్పు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దుప్పటి కప్పినట్టు ఉంటుందట, ఆఖరి గుటక దాకా చెదరదట. మంచిదే. ఇంట్లో నురగ ఇంట్లో తాగి ఊరుకుంటే నాకేం బాధ? ఆవిడ ఊరుకునే రకం కాదు. కొడుకు హల్దున్‌కి పిల్లనడగడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, పిల్ల తెచ్చిన కప్పులోకి తొంగి చూడటం, ముక్కు ఎగబీల్చడం, "నురగ లేదు" అంటూ లేచి రావడం. అలా వదిలేసిన సంబంధాలు నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. ఆ పిల్లల పేర్లు కూడా నురగతో కలిపే మా వీధిలో చెప్పుకుంటారు.

అటువంటి మనిషి మా జెర్రిన్‌ని అడగడానికి వస్తున్నానని కబురు చేసింది.

జెర్రిన్ చనిపోయిన మా అక్క కూతురు. మందుల షాపులో పని. హల్దున్ రెండేళ్ళపాటు లేని తలనొప్పికి అక్కడే మాత్రలు కొన్నాడు. పిల్లకీ వాడంటే ఇష్టమే. వాడు ఎత్తుగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు, ఎవరినీ నొప్పించడు. ఎవరినీ నొప్పించని మగాడంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. కానీ పిల్ల కళ్ళు అలా వెలుగుతుంటే ఏమంటాం?

"పిన్నీ, నురగ రాకపోతే ఆవిడ లేచిపోతుంది. నాకు భయంగా ఉంది" అంది వాళ్ళు వచ్చే రోజు మధ్యాహ్నం.

"ఎందుకు రాదే? నీకు నేర్పింది నేను. చావడానికి కూడా తీరిక లేనట్టు కంగారు పడకుండా ఉంటే చాలు" అన్నాను.

కాఫీ గింజలు ఆ పూటే మర పట్టించి తెచ్చాను. పిండిలా ఉండాలి, వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు. మా అమ్మ నాటి కాఫీ కాచే రాగి జెజ్వేలు రెండు, లోపల కళాయి వేయించినవి, తోమి పొయ్యి పక్కన పెట్టాను. పొడుగు కాడ, వెడల్పు అడుగు, ఇరుకు మెడ. ఆ ఇరుకు మెడే నురగని పట్టి ఉంచుతుంది. హల్దున్ కప్పులో వేయడానికి ఉప్పు డబ్బా కూడా అందేలా పెట్టాం. పెళ్ళికొడుకు ఉప్పు కాఫీ మొహం చిట్లించకుండా తాగాలి కదా, అదో సరదా.

సాయంత్రం వచ్చారు. బెహియే గారు, హల్దున్, వాళ్ళ తరఫున పెద్దగా హల్దున్ పెదనాన్న నఫీజ్ గారు. పూలు, వెండి పళ్ళెంలో చాక్లెట్లు. బెహియే గారు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మా గోడలన్నీ కళ్ళతో కొలిచేసింది. నాకైతే ఒళ్ళు మండింది. జెర్రిన్ నాన్న, మా బావ రిఫత్ మాత్రం పాపం నవ్వుతూనే ఉన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, ఎవరొచ్చినా నవ్వుతాడు.

అందరూ తీపి మధ్యస్థంగా చాలన్నారు. జెర్రిన్, నేను వంటింట్లోకి వచ్చాం. చన్నీళ్ళు కప్పుతో కొలిచి పోసింది. కప్పుకి రెండు చెంచాల పొడి, దానికి తగిన పంచదార. ఉండలు లేకుండా బాగా కలిపి, సన్నటి మంట మీద పెట్టి, చెంచా పక్కన పడేసింది. అంతే, ఇక చెంచాతో పని లేదు. కలపడమంతా చల్లగా ఉన్నప్పుడే.

కాసేపటికి అంచుల వెంట నురగ లేచి లోపలికి మూసుకోవడం మొదలైంది. మధ్యలో చిన్న నల్లటి కన్ను మిగిలింది. ఆ కన్ను మూసుకుని నురగ పైకి లేచేలోపు దించాలి. జెర్రిన్ ఊపిరి బిగబట్టి కాడ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే బెహియే గారు మాత్ర వేసుకోవడానికి నీళ్ళు కావాలంటూ వంటింట్లోకి వచ్చింది. మాత్ర చేతిలో లేదు, కళ్ళు మాత్రం జెజ్వేలోనే.

"అయ్యో, అలా వదిలేస్తే పొడి అడుగంటదూ? కలుపు అమ్మాయ్!" అంటూ తానే చెంచా తీసుకుని ఆ నురగలో పెట్టి గరగరా తిప్పేసింది.

నురగ చచ్చింది. నల్లటి నీళ్ళ మీద నాలుగు బుడగలు మిగిలాయి.

కావాలనే చేసిందనుకున్నాను మొదట. నోటిదాకా వచ్చిన మాట మింగి, తీయగా అడిగాను. "బెహియే గారూ, మీ చేతి నురగ గురించి ఊరంతా చెబుతారు. ఆ కిటుకేదో మాకూ చెప్పకూడదూ?"

"ఏముందమ్మా, నీళ్ళు ముందే మరగ కాచుకోవాలి. పొడి వేసి బాగా పొంగనిస్తే నురగ అదే వస్తుంది" అంది గర్వంగా.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. కుళ్ళు లేదు, కపటం లేదు. మనిషి నిజంగానే చెబుతోంది! మరిగే నీళ్ళలో పొడి వేస్తే నురగ ఎక్కడి నుంచి వస్తుంది, ఆవిడ బుర్రలోంచా? పొంగి తెర్లిందంటే ఉన్నది కూడా పోతుంది. ఈ మహాతల్లి జన్మలో ఒక్క కప్పు కాఫీ కూడా పెట్టి ఉండదు! ఊళ్ళో ఆడపిల్లల నురగకి మార్కులు వేసే మనిషి! నాకు నవ్వు ఆగలేదు. దగ్గినట్టు నటించాల్సి వచ్చింది.

ఆవిడ నీళ్ళు తాగకుండానే వెళ్ళి హాల్లో కూర్చుంది, తీర్పు చెప్పడానికి.

జెర్రిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మళ్ళీ పెడదాం, ఇంకో జెజ్వే ఉందిగా" అని నేను అంటుండగానే హల్దున్ వచ్చాడు, అమ్మ సంచీ వంటింటి గుమ్మం దగ్గర మర్చిపోయిందంటూ. పొయ్యి మీదికి చూశాడు. చూడగానే అర్థమైపోయింది వాడికి.

"అమ్మ చెంచా పెట్టిందా?"

"నీకెలా తెలుసు?" అంది జెర్రిన్.

వాడు చొక్కా చేతులు మడిచి, రెండో జెజ్వే తీసి, నీళ్ళు కొలిచాడు. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు. కలిపాడు, చెంచా దూరంగా పెట్టాడు, మంట తగ్గించాడు. నల్లటి కన్ను మూసుకుంటుండగా దించి, నురగని చెంచాతో మెల్లగా ఒక్కో కప్పులోకి సమంగా పంచాడు. మిగిలింది మళ్ళీ మంట మీద పెట్టి ఒక్కసారి లేవనిచ్చి, కప్పు అంచు వెంట సన్నటి ధారగా పోశాడు. కాఫీ కింది నుంచి నిండుతూ వస్తే నురగ పైకి తేలుతూ వచ్చింది. అబద్ధమెందుకు, నాకంటే బాగా పెట్టాడు.

"అయితే మీ ఇంటి నురగ నీదా నాయనా?" అన్నాను.

"నాన్న పోయినప్పటి నుంచీ నేనే పిన్నిగారూ. వంటింట్లో పెట్టి ఇస్తాను, అమ్మ పళ్ళెం తీసుకెళ్తుంది. చిన్న విషయమేగా."

"మరి ఆ ఆడపిల్లలందరినీ నురగ లేదని తీసిపారేసినప్పుడు నువ్వు పక్కనే కూర్చున్నావుగా?"

"ఏమనమంటారు? అమ్మ బాధపడుతుంది" అన్నాడు, ఎంత మంచివాడో చూడండి. తర్వాత జెర్రిన్ వైపు తిరిగి పళ్ళెం అందించాడు. "తీసుకెళ్ళు. నేనే పెట్టానని చెప్పు. గొడవ లేకుండా అయిపోతుంది."

జెర్రిన్ చాలాసేపు ఆ కప్పుల వైపు చూసింది. ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. పళ్ళెం తీసుకుని హాల్లోకి నడిచింది. వాడు సంచీ పట్టుకుని వెనకాలే వచ్చి బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

బెహియే గారు ముక్కు ముందే ఎగబీల్చి సిద్ధంగా పెట్టుకుంది. కప్పులోకి చూసింది. ముక్కు అలాగే ఆగిపోయింది. రోజూ పొద్దున్నే తాగే నురగని గుర్తుపట్టకుండా ఉంటుందా? కొడుకు వైపు చూసింది, వాడు తివాచీ వైపు చూశాడు. లేదు అనడానికి లేదు, ఎదురుగా కనబడుతోంది. ఇది మా వాడిది అనడానికి అసలే లేదు.

నఫీజ్ గారు ఒక గుటక వేసి పెద్దగా నవ్వాడు. "వహ్వా! నీ చేతులు చల్లగుండ తల్లీ! ఏం బెహియే, అచ్చు నీ నురగే కదూ? మీ ఇంట్లో కూర్చుని తాగినట్టే ఉంది!"

"ఆ... బానే ఉంది" అంది బెహియే గారు. ఆవిడ నోట ఆ మాట విన్న తొలి మనుషులం మేమే.

నఫీజ్ గారు కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, అల్లా ఆజ్ఞతో ప్రవక్త మాటతో మీ అమ్మాయిని మా అబ్బాయికి అడుగుతున్నామన్నాడు. మా బావ నవ్వుతూ, "పిల్లలు ఇష్టపడ్డాక మేమెవరం?" అని కూతురి వైపు చూశాడు.

జెర్రిన్ ఖాళీ పళ్ళెం గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. "నాన్నా, ముందు హల్దున్‌ని ఒక్క మాట అడగనీ" అంది. "హల్దున్, ఈ కాఫీ ఎవరు పెట్టారు?"

ఒక్క మాట. 'నేనే' అంటే అయిపోయేది. నఫీజ్ గారు ఇంకా పెద్దగా నవ్వేవాడు, బెహియే గారు నాలుగు రోజులు అలిగేది, మా పిల్ల వాడి చెయ్యి పట్టుకునేది. వాడు తల్లి వైపు చూశాడు. తల్లి కప్పులోకి చూసింది.

"నువ్వే కదా" అన్నాడు.

జెర్రిన్ పళ్ళెం కింద పెట్టి తండ్రి వైపు తిరిగింది. "కాదు. నేను పెట్టింది పొయ్యి దగ్గరుంది. పెద్దావిడ చెంచా పెట్టి కలిపేశారు. ఇది పెట్టినాయన ఇక్కడే కూర్చుని, పెట్టలేదంటున్నాడు. రేపు నా మీద ఏ మాటొచ్చినా ఇలాగే తివాచీ చూస్తాడు. నాకొద్దు నాన్నా."

మా బావ నవ్వు ఆపడం ఆ రోజే చూశాను. లేచి, చాక్లెట్ల పళ్ళెం తీసి నఫీజ్ గారి చేతిలో మర్యాదగా పెట్టాడు.

నఫీజ్ గారికి విషయం ఎక్కడానికి కొంచెం టైం పట్టింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ మరదలి వైపు ఓసారి చూసి, "ఒరే హల్దున్, ఇన్నేళ్ళూ ఈ పొగడ్తలన్నీ తప్పు మనిషికి ఇచ్చానట్రా?" అన్నాడు. వాడు బూటు తాడు కడుతూనే ఉండిపోయాడు. బెహియే గారు మెట్లు దిగుతూ, ఈ ఇంట్లో మర్యాద తెలియదని పైకే అంది. మర్నాటికల్లా వీధిలో వేరే కథ నడిచింది, మా పిల్లకి కాఫీ పెట్టడం రాదని. అననీ. వాళ్ళింట్లో కాఫీ ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉందట, నురగ చెక్కుచెదరలేదట.

వాళ్ళు వెళ్ళాక జెర్రిన్ వంటింట్లో కూలబడి ఏడ్చింది. "వాడు 'నేనే' అంటే చాలు కదా పిన్నీ. రెండక్షరాలు."

నేను ఉప్పు డబ్బా మూత తీయకుండానే అలమరలో పెట్టేశాను. బెహియే గారు కలిపేసిన జెజ్వేని సన్నటి మంట మీద వెచ్చబెట్టి, రెండు కప్పుల్లో పోశాను. నల్లగా, బోడిగా ఉంది. ఇద్దరం తాగాం. రుచి ఎక్కడికీ పోలేదు.