పుట్టిన చోటు

దుర్గ్ కోర్టు వరండాలో రజనీకుమారి పిలుపు కోసం ఎదురుచూస్తోంది. మస్కట్‌లో నర్సు ఉద్యోగానికి జనన ధ్రువపత్రం అడిగారు. పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాల్సిందే. రిజిస్టరులో పేరు లేదన్న పత్రం, బడి టీసీ, తండ్రి చినబాబు అఫిడవిట్ అన్నీ వకీలు లోపల దాఖలు చేసేశాడు.

తల్లి వరలక్ష్మమ్మ కూతురి చేత అఫిడవిట్ నకలు చదివించుకుంది. "ఇదేటి, ఇక్కడ రిసాలీలో పుట్టిందని రాసీసినారా? పురిటికి నాను పలాస ఎల్లిపోనాను కదా!"

"బడిలో అలాగే రాయించాను కదే," చినబాబు గొణిగాడు.

బయటికొచ్చిన వకీలు ముఖం మారింది. "పుట్టిన చోటే నమోదు చెయ్యాలి, భయ్యా. అంటే మళ్ళీ పలాసలో మొదటి నుంచీ మొదలుపెట్టాలి. పైగా ఇది ప్రమాణపత్రం. అబద్ధమని తేలితే కేసే."

"నాన్నా, నిజం చెప్పీ. ఉద్యోగం పోతే పోనీ."

"సంతకం పెట్టీసేనమ్మా."

లోపలి నుంచి హాజరు కమ్మని బంట్రోతు కేక: "చినబాబు, హాజిర్ హో!"