గుమ్మడికాయ మర్నాడు

మా ఆఫీసులో నా చార్టంటే అందరికీ గౌరవమే. చదివేవాళ్లు మాత్రం లేరు. రంగులు చూసి వెళ్లిపోతారు. రంగుపట్టీలన్నీ ఎర్రగీతకి ఇవతల ఉంటే మా నిర్మాత సాయిశ్రీనివాస్‌గారు కాఫీ తెప్పిస్తారు, అవతలికి పోతే తలుపేసుకుంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమాకి పోస్ట్ ప్రొడక్షన్ కోఆర్డినేటర్‌గా ఉండడమంటే ఆ కాఫీకీ ఆ తలుపుకీ మధ్య బతకడమే.

ఆ చార్టు కంప్యూటర్లో నేనే కట్టాను. ఎడమవైపు పనుల పేర్లు, ఒక్కోదానికీ మొదలు తేదీ, ఎన్ని రోజులు, ముగింపు తేదీ. పైన అడ్డంగా క్యాలెండరు, గడికొక రోజు. ఆ గడి తేదీ పని మొదలుకీ ముగింపుకీ మధ్య పడితే నీలం వేసుకో, లేకపోతే తెల్లగా ఊరుకో అని షరతు పెట్టాను. రంగు నేను వెయ్యను, తేదీలే వేయిస్తాయి. ఆ తేదీలైనా మొట్టమొదటి పనికి తప్ప దేనికీ చేత్తో కొట్టను. ముందు పని ముగిసిన మర్నాడు తర్వాతి పని మొదలు, అదీ ఫార్ములా. ఒక పని రెండింటి మీద ఆధారపడితే ఆ రెండింట్లో ఆలస్యంగా ముగిసేదాని మర్నాడు. అందుకే పైన ఒకటి ఆలస్యమైతే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే కుడివైపుకి జరుగుతాయి. రిలీజు తేదీ కింద నిలువునా ఒక ఎర్రగీత.

దర్శకుడు వీరరాఘవయ్యగారికి ఈ జరగడం చూడ్డమంటే సరదా. ముప్పయ్యేళ్లు ఇతరుల సినిమాలకి కోడైరెక్టరుగా చేసి, జుట్టంతా తెల్లబడ్డాక దొరికిన మొదటి సినిమా ఇది. యూసుఫ్‌గూడలో మా పక్క వీధిలోనే ఉంటారు. ఆయన కథ వినని నిర్మాత జూబ్లీహిల్స్‌లో లేడని మా వీధిలో చెప్పుకుంటారు. ఆ కథంతా చివర్లో వచ్చే వరద సీను కోసమే. సినిమా పొడుగునా అందరికీ అబద్ధాలు చెప్పి బతికిన పడవవాడు, ఆఖరి మనిషిని ఎక్కించాక పడవలో చోటు లేక, నాకు ఈత వచ్చు మీరు పదండి అని మిద్దె మీద నిలబడిపోతాడు. వాడికి ఈత రాదు. వాడు చెప్పిన ఒకే ఒక్క మంచి అబద్ధం అది. ఎన్నిసార్లు చెప్పినా వీరరాఘవయ్యగారు సరిగ్గా అక్కడే ఏడుస్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత నేనూ ఏడవడం మొదలుపెట్టాను.

అమ్మకి కంటి ఆపరేషనైతే భీమవరం వెళ్లి కొన్ని వారాలుండి వచ్చాను. వచ్చిన రోజే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మా సినిమా పోస్టరు కనిపించింది. పడవవాడి బొమ్మ, కింద రిలీజు తేదీ. నేను లేకుండానే ఇంత చక్కగా పని నడిచిందా అని కొంచెం ఉడుక్కున్నాను కూడా.

ఆఫీసుకొచ్చి చార్టు తెరిచాను. పట్టీలన్నీ ఎర్రగీతకి ఇవతలే ఉన్నాయి. సెన్సార్ కూడా. కానీ వరద సీను షూటింగు పట్టీ నేను వెళ్లేనాటికి బెత్తెడుంది, ఇప్పుడు చాంతాడంతయింది. దాని కిందే ఫైనల్ ఎడిట్ పట్టీ. రెండూ ఒకే తేదీల మీద, ఒకదాని కింద ఒకటి పడుకున్నాయి. తియ్యని సీను ఎలా ఎడిట్ అవుతుంది?

ఎడిటర్ బెన్సన్‌ని అడిగాను. రహమత్‌నగర్‌లో పుట్టి పెరిగిన మనిషి, దేనికీ తొణకడు. హీరో వేరే సినిమా కోసం గడ్డం పెంచుతున్నాడనీ, ఆ సినిమా అయి అది తీసేదాకా నీళ్ల ట్యాంకులోకి దిగనన్నాడనీ, అందుకే ప్రొడక్షన్ వాళ్లు వరద సీనుకి రోజులు పెంచుకుంటూ పోయారనీ చెప్పాడు. తనేమో ఉన్న రీళ్లు కోసుకుంటూ కూర్చున్నాడట.

"కింది పట్టీలు జరగకపోతే ఎడిటింగుకి ఇంకా టైముందనుకున్న. జరిగితే కదా మనకు ఫికరు," అన్నాడు.

ఎడిట్ మొదలు తేదీ గడి మీద నొక్కాను. ఫార్ములా ఉండాల్సిన చోట ఉత్త తేదీ ఉంది. ఎవరో చేత్తో కొట్టారు. ఫార్ములా పోయిన గడి ఏడవదు, ఎర్రబడదు. మామూలు తేదీలాగే కూర్చుంటుంది. పైన ఎంత సాగినా దానికి తెలీదు, కాబట్టి దాని కిందున్న డబ్బింగుకీ, గ్రాఫిక్సుకీ, రీరికార్డింగుకీ, మిక్సింగుకీ, సెన్సార్‌కీ తెలీదు. ఎవరు మార్చారో చూస్తే వీరరాఘవయ్యగారి పేరు వచ్చింది. ఆయన వేసిన తేదీ, గుమ్మడికాయ కొట్టిన మర్నాటిది.

షూటింగు మొదలుకి కొబ్బరికాయ, ముగింపుకి గుమ్మడికాయ. శూన్యమాసం వచ్చేలోగా గుమ్మడికాయ కొట్టేయాలని సాయిశ్రీనివాస్‌గారు పట్టుబట్టారు. మిగిలిన ఒక్క సీనూ తర్వాత తీసుకోవచ్చనుకున్నారు. ఇక్కడ అందరూ చేసే పనే అది. గుమ్మడికాయ పగిలితే షూటింగు అయినట్టే, పేపరుకి ఫొటో కూడా వెళ్తుంది.

ఎడిట్ గదిలో వెనక కుర్చీలో కూర్చున్న వీరరాఘవయ్యగారికి ల్యాప్‌టాప్ చూపించాను. తప్పు చెయ్యలేదనుకునేవాళ్లు ఎలా చూస్తారో అలా చూశారాయన.

"అవునమ్మా, నేనే కొట్టాను. మనవాళ్లెవరో అన్నారు, గుమ్మడికాయ అయిందిగా, రేపట్నుంచి ఎడిటింగు వేసుకోండని. ఇంతకాలం అందరి గుమ్మడికాయలూ నేనే కొనుక్కొచ్చాను తబితమ్మా. నా సినిమాకి ఆ తేదీ నా చేత్తోనే వేసుకుందామనిపించింది."

నాకు ఒళ్లుమండింది. ఆయన మీద కాదు. ఇంతమంది రోజూ ఆ రెండు పట్టీలూ చూస్తూ, ఒక్కరూ అదేమిటని అడగనందుకు. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలీక ఫార్ములా మళ్లీ రాశాను. వరద సీను ముగింపు, దానికి ఒకటి కలుపు. ఎంటర్ కొట్టాను. ఎడిట్ నుంచి సెన్సార్ దాకా పట్టీలన్నీ ఒక్కసారిగా కుడికి జరిగాయి. సెన్సార్ ఎర్రగీత దాటి ఎక్కడికో పోయింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. సరదాగా చూసే జరగడమే అది.

మధ్యాహ్నం సాయిశ్రీనివాస్‌గారి గదిలో కూర్చున్నాం. గోడ మీదున్న పెద్ద టీవీలో చార్టు, కిటికీలోంచి షేక్‌పేట ఫ్లైఓవరు. తేదీ జరపడం కుదరదని ఆయన ముందే చెప్పేశారు. ఆ శుక్రవారం దాటితే వచ్చే వారం పెద్ద హీరో సినిమా థియేటర్లన్నీ పట్టేసింది, మనకి నూన్‌షో కూడా మిగలదన్నారు. నిజమే. నేను విచారించి వచ్చాను కాబట్టి కాదనలేకపోయాను.

ఇక రోజులు తగ్గించడం మొదలైంది. ఎడిట్ రోజులు తగ్గించమన్నారు, తగ్గించాను. అన్నీ కొద్దిగా ఎడమకి వచ్చాయి, చాలలేదు. డబ్బింగు తగ్గించమన్నారు. తగ్గిస్తే దాని పట్టీ పొట్టిదైంది తప్ప కిందివేవీ కదల్లేదు. రీరికార్డింగు డబ్బింగుతో పాటు గ్రాఫిక్స్ కోసం కూడా ఆగాలి. గ్రాఫిక్సే ఆలస్యం, వరద నీళ్లన్నీ అందులోనే. మరి గ్రాఫిక్స్ తగ్గించమన్నారు. నేను అంకె మార్చగలను గానీ నీళ్లు పుట్టించలేనన్నాను. రెండో కంపెనీ, మూడో కంపెనీ అని బెన్సన్ ఫోన్లు చేసి చూశాడు. అందరూ ఒకే మాట అన్నారు, ముందు సీను తీసి పంపండి.

సాయిశ్రీనివాస్‌గారు చెడ్డమనిషి కాదు. ఈ కథ విని డబ్బు పెట్టిన ఒకే ఒక్క మనిషి ఆయన. చివరికి టీవీ వైపే చూస్తూ, వరద సీను వరుస తీసేస్తే ఎక్కడికొస్తుందని నన్ను అడిగారు. వీరరాఘవయ్యగారిని చూడకుండా అడిగారు.

వరుసే తీసేస్తే దాన్ని చూసుకుని నడిచే గడులన్నీ తప్పుల గుర్తులు చూపిస్తాయనీ, పట్టీలు మాయమవుతాయనీ చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, అంత వివరంగా చెప్పింది మాత్రం ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుందేమోనని. ఆగలేదు. మరి ఎలా చూడాలి అన్నారు.

"రోజుల గడిలో సున్నా పెడితే చాలండీ," అన్నాను. ఆ మాట నా నోటితో అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"సీను లేకపోతే ముగింపు ఎట్ల సార్?" అని బెన్సన్ అడిగాడు.

డబ్బింగులో ఒక మాట వేయించవచ్చన్నారు సాయిశ్రీనివాస్‌గారు. ఆ రాత్రి గోదారి పొంగింది, పడవవాడు తిరిగి రాలేదు అని వెనక నుంచి గొంతు, నది షాటు ఒకటి. చాలా సినిమాలు అలాగే ముగుస్తాయని మెల్లగా, నచ్చజెప్పినట్టే అన్నారు.

ఇన్నేళ్లలో ఆ సీను వీరరాఘవయ్యగారు ఎన్ని గదుల్లో చెప్పారో. ఏ గదిలోనూ ఇంత పొట్టిగా చెప్పలేదు.

వీరరాఘవయ్యగారు లేచి నా పక్కకొచ్చారు. గొడవ పెడతారేమో అనుకున్నాను, పెడితే బాగుండని కూడా అనుకున్నాను. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఏ గడి అని అడిగారు. నేను చూపించలేదు. ఆయనే వెతుక్కుని, ఒక వేలితో సున్నా కొట్టారు.

వరద సీను పట్టీ మాయమైంది. ఎడిట్, డబ్బింగ్, గ్రాఫిక్స్, రీరికార్డింగ్, మిక్సింగ్, సెన్సార్ అన్నీ ఎడమకి వచ్చి, ఎర్రగీతకి ఇవతల బుద్ధిగా నిలబడ్డాయి. సాయిశ్రీనివాస్‌గారు గట్టిగా ఊపిరి వదిలి కాఫీ తెమ్మని కేకేశారు.

ఎడిట్ మొదలు తేదీ చూశాను. గుమ్మడికాయ మర్నాడు. వీరరాఘవయ్యగారు ఆనాడు చేత్తో కొట్టిన తేదీయే, ఇప్పుడు ఫార్ములా తనంతట తాను తెచ్చిపెట్టింది.

ఆయన ఇంకా టీవీనే చూస్తున్నారు. రంగు లేని ఆ వరుసలో పేరూ, తేదీలూ మాత్రం ఉన్నాయి. వేలు పెట్టి చూపించి అడిగారు.

"ఇదేంటి తబితమ్మా, మొదలు గుమ్మడికాయ మర్నాడు చూపిస్తోంది. ముగింపేమో దానికి ముందురోజే, గుమ్మడికాయ నాడే."

"సున్నా రోజులు పెడితే అంతే వస్తుందండీ. మొదలుకి ముందురోజే ముగిసినట్టు చూపిస్తుంది. కావాలంటే ఆ గడి ఖాళీగా కనపడేలా చేస్తాను."

"వద్దమ్మా," అన్నారు వీరరాఘవయ్యగారు. "కరెక్టుగానే చూపిస్తోంది. ఉంచు."

కాఫీ వచ్చింది. ఆయన కూడా తాగారు.