గాజు పెరిగిన చెయ్యి

మహానంది గుడి ముందు గాజులమ్మే మహాదేవమ్మకు కుడిచెయ్యి నెలరోజులుగా బరువెక్కుతోంది. ఆ వైపు రొమ్ముకు క్యాన్సరొస్తే ఆపరేషన్ చేసి, సంకలోని గ్రంథులు కూడా తీసేసి ఏడేళ్లయింది. మళ్లీ అదే వచ్చిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు, ఏడవనూ లేదు. దుకాణం తోడికోడలికి అప్పగించేసింది. మొగుడు సోమన్న పోరు పడలేక కర్నూలు ఆసుపత్రికి వచ్చింది గానీ వైద్యానికి కాదు. ఆ మాటేదో డాక్టరు నోట విని పోదామని వచ్చింది.

డాక్టరమ్మ రెండు చేతులూ టేపుతో కొలిచింది, సంక తడిమింది, స్కానింగు చేయించింది. మహాదేవమ్మ కూర్చోమన్న చోటల్లా కూర్చుంది. భయం కూడా వేయలేదు. అదే ఆమెకు వింతగా తోచింది.

“క్యాన్సర్ లేదమ్మా. ఇది నీటి వాపు,” అంది డాక్టరమ్మ. “ఈమధ్య ఏదైనా పగిలి చేతికి గుచ్చుకుందా?”

“ఏం పగల్లేదు మేడం.”

అబద్ధం కాదు. గాజు పగిలిందనే మాట ఆమె నోట ఎన్నడూ రాదు. ముత్తైదువుల ముంజేతులు పట్టుకుని బతికే మనిషి, అంత అశుభం ఎలా పలుకుతుంది?

నర్సు ఫిరోజాది నంద్యాల. ఆ మర్యాద ఆమెకు తెలుసు. “అక్కా, గాజేమన్నా పెరిగిందా?”

“ఆ, పెరిగింది. తిరణాల్లో ఒకామెకు తొడుగుతాంటే ముక్క చెయ్యి కోసింది. మర్నాడు చెయ్యంతా ఎర్రగా కాలి జరమొచ్చింది. మాత్రలకు జరం పోయింది, వాపు పోలేదు.”

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది.

“చేతిలో ఊరే నీళ్లు పోయే దారులు సంకలో ఉంటాయక్కా,” అంది ఫిరోజా. “కొన్ని తీసేసినారు. మిగిలినవే ఇన్నేండ్లూ ఈడ్చుకొచ్చినాయి. ఒక కాలువ పూడ్చితే పక్కది మామూలు నీళ్లు మోస్తాది, పెద్దవాన మోయలేదు. గాయంలో క్రిములు చేరేతలికి అదే అయింది.”

ఇక జాగ్రత్తలు మొదలయ్యాయి. ఏ కొంచెం గీరుకున్నా సబ్బుతో కడిగి మందు రాయాలి. ఎర్రబడితే ఆ రోజే రావాలి. చర్మం ఎండిపోకుండా చూసుకోవాలి. ఒళ్లు పెరగనివ్వకూడదు. చేతిని దాచిపెట్టక ఆడిస్తుండాలి. ఆ చేతికి బిగుతు గాజులు వద్దు.

“మరి ఇది బిగుతు కాదా?” వాపు దిగడానికి ఫిరోజా చేతికెక్కించిన సాగే తొడుగును చూస్తూ అడిగింది మహాదేవమ్మ.

“గాజు ఒక్క చోటే నొక్కుతాది. ఇది కొలిచి తెచ్చింది, నీళ్లను పైకి తోస్తాది.”

మూలన సోమన్న కండువాలో మొహం దాచుకుని వెక్కుతున్నాడు. మహాదేవమ్మ అతన్ని ఎవరో బేరగాణ్ణి చూసినట్టు చూసింది.

“ఎన్నాళ్లు మేడం ఇదంతా?”

డాక్టరమ్మ కాస్త తటపటాయించింది. చెడ్డకబురు చెప్పేవాళ్లలా గొంతు తగ్గించింది. “వాపు చాలావరకు దిగుతుంది. కానీ ఆ చేతిని కనిపెట్టుకోవాల్సింది... బతికినన్నాళ్లూ అమ్మా.”

“బతికినన్నాళ్లూనా?” అంది మహాదేవమ్మ. నెలరోజుల్లో మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది.