వదిన పర్సులో మాత్రలు

లైనులో అందరూ ఆమెను చాటుగా కత్తెర అనేవారు, ఎదురుపడితే అక్కా అనేవారు. చొక్కాలు కుట్టే కంపెనీలో ఆ వరసకు ఆమే సూపర్‌వైజరు. బాత్రూము తాళంచెవిని ఖాళీ దారపు కండెకు కట్టి మెడలో వేసుకునేది. కావాల్సినవాళ్ళు వచ్చి అడుక్కోవాలి.

ఆ రోజు తమ్ముడి భార్య మళ్ళీ వచ్చి నిలబడింది. కాజాలు కుట్టే పని ఆమెది. ఆ పనిలో పెట్టించింది కత్తెరే.

"మళ్ళీనా?"

"ఒక్కసారి వదినా."

"ఇందాకేగా వెళ్ళొచ్చావు. నీ కుర్చీ కూడా లోపలే వేయించమంటావా?"

వరసంతా నవ్వింది. నవ్వనివాళ్ళ వైపు కత్తెర ఒకసారి చూసింది. వాళ్ళూ నవ్వారు.

తాళంచెవి ఇచ్చింది గానీ తీరిగ్గా ఇచ్చింది. మరదలు వెళ్ళాక ఆమె స్టూలు మీద మరక కనపడింది. పక్కన మడతపెట్టిన తెల్లచొక్కా అంచుకీ అంటింది. కత్తెర ఆ చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తి వరసంతటికీ చూపించింది. మరదలు తిరిగొచ్చేదాకా దించలేదు.

"మా తమ్ముడు పెళ్ళి చేసుకుని తెచ్చింది మనిషిని అనుకున్నాను. కుళాయిని అని ఇప్పుడు తెలిసింది."

ఈసారి చూడక్కర్లేకుండానే అందరూ నవ్వారు.

ఇదంతా మరదలి కాలు విరిగినప్పుడు మొదలైంది. కట్టు విప్పాక పిక్కలో రక్తం గడ్డకట్టిందని తేలింది. రక్తం పల్చబడే మాత్రలు రాశారు. మొదటి మూడు వారాలు రోజుకు రెండు, ఆ తర్వాత రోజుకు పెద్దమాత్ర ఒకటి. కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే సరిగా ఒంటికి పట్టదు. మరదలు ఒకసారి మరిచిపోయిందని తమ్ముడు కంగారుపడి, "అక్కా, నువ్వే దగ్గర పెట్టుకుని ఇవ్వు" అన్నాడు. వాడికి అక్క మాటంటే వేదం. అప్పటినుంచి మాత్రలు కత్తెర పర్సులో ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మాత్ర తీసి, అందరూ చూస్తుండగా మరదలి అరచేతిలో పెట్టేది. "చూశారా, కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు" అనేది.

మాత్రలు మొదలయ్యాక మరదలికి నెలసరి మారిపోయింది. గంటకో గుడ్డ తడిసిపోయేది. గడ్డలు పడేవి. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. కడుపునొప్పి అంటే కత్తెర కంపెనీ మందులపెట్టెలోంచి నొప్పిమాత్ర తీసి ఇచ్చేది. అది పడ్డ రోజున ఇంకా ఎక్కువయ్యేది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. బయట బెంచీ మీద మరదలు పెదవులు కదుపుతోంది. కత్తెర చెవి ఒగ్గి విన్నది.

"మోతాదు సరిగానే ఉందా అండీ... ఇంత రక్తం పోకుండా వేరే మాత్ర ఏమైనా ఉందా అండీ... రక్తం తగ్గిందేమో పరీక్ష..."

"ఏంటే, పద్యం వల్లిస్తున్నావా?"

"డాక్టరు గారిని అడుగుదామని వదినా. మందుల షాపులో చెప్పారు, సొంతంగా ఆపకూడదట, అడగాలట."

"పరాయి మగాడి ముందు గుడ్డల సంగతి మాట్లాడతావా? మా ఇంటి పరువు నీకు అంత చవగ్గా కనపడుతోందా?"

లోపల డాక్టరు కాలు చూశాడు. వాపు తగ్గిందన్నాడు. "రక్తం ఎక్కడైనా పోతోందా?" అని అడిగాడు.

"లేదండీ. చిగుళ్ళూ ముక్కూ అన్నీ బాగున్నాయి" అంది కత్తెర.

"అది కాదండీ, నెల నెలా..." అని మరదలు ఎత్తుకుంది. బల్ల కింద కత్తెర చెప్పు ఆమె పాదం మీద పడింది, విరిగిన కాలు మీదే.

"ఆడవాళ్ళకి ఉండేదేలెండి. బయట ఎంతమంది కాచుక్కూర్చున్నారో, మీ పొద్దు ఎందుకు పాడుచేస్తాం" అంటూ కత్తెర నవ్వింది. డాక్టరు మొహమాటంగా నవ్వి, అవే మాత్రలు మళ్ళీ రాశాడు.

దారిలో కత్తెర తీర్పు చెప్పేసింది. "ఆ రోజుల్లో మాత్ర మానెయ్. రక్తం పల్చన చేసే మందేగా, చిక్కబడితే అదే ఆగుతుంది. దీనికి చదువు కావాలా?"

"గడ్డ మళ్ళీ కడితే?"

"నాలుగు రోజులకే కట్టేస్తుందా? అదేమన్నా పెరుగు తోడా?"

తర్వాతి నెలసరికి పర్సు తెరుచుకోలేదు. రక్తం తగ్గింది. మరదలు బాత్రూముకి తక్కువగా వెళ్ళింది, చొక్కాలు తెల్లగా ఉన్నాయి. కత్తెర లైనంతా తిరిగి చెప్పుకుంది. "డాక్టరు చెయ్యలేనిది నేను చేశాను."

ఆ పై నెలలోనూ అంతే. కాకపోతే ఈసారి పిక్క మళ్ళీ బిగిసింది. వదినా, కాలు లాగుతోంది అంటే, పని ఎగ్గొట్టే కాలికి లాగకేం చేస్తుంది అంది కత్తెర. మర్నాడు మరదలు ఆయాసపడుతోంది. అది కూడా కత్తెర కంట్లో పడింది, పడకపోలేదు. పై అంతస్తు నుంచి గుడ్డ కట్టలు దించడానికి ఆమెనే పంపింది. మెట్ల మధ్యలో మరదలు గుండె పట్టుకుని కూలబడింది. కట్ట చేతిలోంచి జారి మెట్లు దొర్లుకుంటూ వచ్చి కత్తెర కాళ్ళ దగ్గర ఆగింది. కత్తెర ముందు కట్ట ఎత్తి దులిపింది.

కాలిలో గడ్డ ఊపిరితిత్తికి చేరిందన్నారు. ఇంకాస్త పెద్దదైతే మనిషి దక్కేది కాదన్నారు. తమ్ముడు గోడకానుకుని ఏడుస్తూ ఉండిపోయాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కత్తెరను పట్టించుకోకుండా మంచం మీది మనిషినే పలకరించింది. "నువ్వు చెప్పమ్మా."

ఆక్సిజన్ గొట్టంతో, మాటకో ఊపిరి తీసుకుంటూ మరదలు అప్పటి పద్యమే అప్పజెప్పింది. మోతాదు. వేరే మాత్ర. రక్త పరీక్ష.

డాక్టరమ్మ ఒక్కోటీ విని చెప్పింది. "మోతాదు ఇప్పుడు తగ్గించకూడదు. గడ్డ కొత్తది, తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. కొన్ని నెలలు పోయాక ఆలోచిద్దాం. వేరే మాత్ర ఉంది, అందులో నెలసరి రక్తం తక్కువ పోయే వీలుంది, దానికే మారుద్దాం. గర్భసంచిలో పెట్టే హార్మోను లూపు ఉంది, అదీ పనిచేస్తుంది. స్కాను తీసి గర్భసంచిలో కంతులున్నాయేమో చూస్తాం. నీకు రక్తం బాగా తగ్గింది, ఇనుము ఎక్కిస్తాం. ఆ నొప్పిమాత్ర మళ్ళీ ముట్టుకోకు, రక్తం ఇంకా పోయేలా చేసేది అదే. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. గంటకొకటి తడిసిపోతుంటే వెంటనే రా. ఇన్ని దారులున్నాయి, అప్పుడే అడగాల్సిందమ్మా."

"అదేనండీ నేను మొత్తుకునేది" అంది కత్తెర. "అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఈ పిల్లకి నోరు లేదు."

మరదలు వదిన వైపు చూసింది. చూపు తిప్పలేదు.

"మధ్యలో మాత్రలు ఆగకపోతే ఇలా కాదు. ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

మరదలు ఊపిరి కూడదీసుకుంటోంది. ఆ సందులోనే కత్తెర అందుకుంది. "ఎవరూ ఆపలేదండీ. దీనికి మతిమరుపు. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి, ముందు కూడా మరిచిపోయింది."

తమ్ముడు కళ్ళు తుడుచుకుని తల ఊపాడు. ఒకప్పుడు మరిచిపోయిన మాట నిజమే మరి.

"అలాగైతే కుదరదు" అంది డాక్టరమ్మ. "ఇంట్లో గట్టి మనిషెవరో ఒకరు దగ్గరుండి వేయించాలి." చుట్టూ చూసింది. గోడకానుకున్న మొగుణ్ణి చూసింది. తిన్నగా నిలబడ్డ కత్తెరను చూసింది. "మీరైతే జాగ్రత్త గల మనిషిలా కనపడుతున్నారు. మీ దగ్గర పెట్టుకోండి."

కొత్త మాత్రల అట్ట కత్తెర చేతికి వచ్చింది.

మరదలు దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. సూది గుచ్చిన చెయ్యి. అరచెయ్యి పైకి పెట్టి చాచింది. "నా దగ్గరే ఉండనివ్వు వదినా" అంది. డాక్టరమ్మ అప్పటికే పక్క మంచం దగ్గరుంది.

కత్తెర ఆ చేతిని చూసింది. పర్సు తెరిచి, మాత్రలు లోపల వేసి, జిప్పు లాగింది. తర్వాత బల్ల మీది నీళ్ళ గ్లాసు తీసి ఆ అరచేతిలో పెట్టింది.

"తాగు" అంది. "నువ్వు మళ్ళీ కాజాల మిషనెక్కేది ఎప్పుడో నర్సును అడిగొస్తాను."