మొగులయ్య కోసిన మొదటి ప్లైవుడ్ షీటు

అరవై ఏడులో మేం బీరంగూడ దగ్గర కాపురం పెట్టినప్పుడు ఇంట్లో బీరువా లేదు. చీరలు ట్రంకుపెట్టెలో, నా హార్మోనియం మంచం కింద. మావారు సూర్యారావుగారు ఫ్యాక్టరీ సెలవునాడు పట్నం వెళ్లి, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటొకటి లారీమీద వేయించుకొచ్చారు. దారిలో వాన పడింది. ఒక మూల జానెడు మేర ఉబ్బి, పొరలు విడిపోయాయి.

వడ్రంగి మొగులయ్య ఆ మూలను వేలితో నొక్కి, చాలాసేపు షీటు చుట్టూ తిరిగాడు. పొలాలు ఫ్యాక్టరీకి పోయేదాకా ఊళ్లో నాగళ్లు, బండ్లు చేసినవాడు. ప్లైవుడ్ కోయడం ఇదే మొదలు.

"కొయ్య తప్పు కోసినా ఇంకోదానికి పనికొస్తదమ్మా. గిది ఒక్కటే షీటు. జెర సోచాయించాలె," అన్నాడు.

ఐదడుగుల పక్క పలకలు రెండు కావాలి. పైపలక, కిందిపలక, నడుమ రెండు అరలు కలిపి, మూడడుగులకు అంగుళమున్నర తక్కువవి నాలుగు. లోతు పద్దెనిమిది అంగుళాలు కావాలన్నాను. అలాగైతే పొడవునా రెండు పట్టీలే వస్తాయి, రెండు పలకలు తక్కువ పడతాయి.

"ఇంకో షీటు తెస్తాలే," అన్నారు మావారు.

"ఉండండి," అని హార్మోనియం బయటికి లాగి కొలిచాను. వెడల్పు పద్నాలుగు అంగుళాలే, లోతు తగ్గినా పడుతుంది. రవికెలు కత్తిరించే అలవాటుతో పాత పేపరు తీసుకుని, అడుగుకి అంగుళం లెక్కన షీటు, పలకలు చేసి వరండాలో పరిచాను. లోతు పదహారైతే మూడు పట్టీలు. రెండింట్లో ఒక్కో పక్క పలక, దాని కొసన ఒక్కో చిన్న పలక. మూడోదాంట్లో మిగతా రెండు పలకలు పోను రెండడుగుల పైన మిగిలింది. ఆ మిగులును తడిసిన మూలకు జరిపాను.

మొగులయ్య గొంతుక్కూర్చుని చూశాడు. "మంచిగనే ఉంది. గానీ రంపం కూడ తింటదమ్మా. రెండు కోతలకు పావు అంగుళం పొట్టు కింద పోతది. ఆఖరు పట్టీ సన్నమైతది."

నేనది అనుకోనే లేదు. కత్తెరకు ఆ బాధ లేదు మరి.

"ఒక్కోటి పావు అంగుళం తగ్గిద్దాం. అంచులు చిత్రిక పట్టనీకి గూడ ఉంటది," అన్నాడు మొగులయ్య.

దారానికి సుద్ద రాసి గీతలు కొట్టాడు. నేనొక కొస పట్టుకున్నాను. గీత మీద రంపం ఆనించి మెల్లగా మొదటి కోత మొదలుపెట్టాడు. మావారు షీటు కదలకుండా మోకాలితో అదిమారు. మూడు పట్టీలూ విడిపోయాక పక్కపక్కన నిలబెట్టి చూసుకున్నాడు. నేను తెచ్చిపెట్టిన టీ అప్పటికే చల్లారిపోయింది.

తలుపులకు షీటు మరుసటి ఏడు గానీ కొనలేదు. అందాకా నా పాత పచ్చచీర తెర. చూడవచ్చిన ఇరుగుపొరుగు, తెర పక్కకు జరిపి లోపల తడిమి చూసేవాళ్లు. ఆ చలికాలమంతా మొగులయ్యకు మా వీధిలోనే పని. వంటింట్లో కూర్చునే, రంపం చప్పుడు ఎటునుంచి వస్తోందో విని, ఈ రోజు ఎవరింట బీరువా మొదలైందో మావారికి చెప్పేదాన్ని.