అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి

మా మేనేజరుగారికి మౌనమంటే మహా ప్రేమ. తనది కాదు, ఎదుటివాళ్ళది.

మీటింగుల్లో ఎవరేం అన్నారో కంప్యూటరే టైపు చేసేస్తుంది. అందులో నిర్ణయాలేవో తేల్చి మినిట్స్ రాయడం నా పని. ఫోన్లలో జరిగిన మొన్నటి మీటింగులో మేనేజరుగారి మాట ఇలా పడింది: "స్టోర్స్ వదినను ఊరవతలి గోదాముకు మారుద్దాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి." దాని కింద: [నిశ్శబ్దం].

"ఏకగ్రీవంగా ఆమోదించారని రాసెయ్యమ్మా," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసందరికీ వదిన అయిన ఆ మనిషికి పాలు తాగే పాప ఉంది. పాపను చూసుకునే గది మా ఆఫీసు కిందే ఉంది. గోదాములో ఎలుకలు తప్ప ఏమీ లేవు.

"మీరు అడగకముందే వదిన లైను తెగిందండీ. ఇదిగో, ఇక్కడుంది."

"తెగితే? వద్దనలేదుగా!"

"వద్దనడానికి ఆవిడ ఉంటేగా! మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ముందే చెప్పి, అందరూ విన్నారని తేలితే అప్పుడు రాస్తాను."

మిగతావాళ్ళను అడిగాను. అకౌంటెంటుగారు వద్దు వద్దని గొంతు చించుకున్నారట, మైకు ఆపేసి. సేల్స్ బాబాయి నిద్రపోయాడట. నేను ఇలా రాశాను: "ప్రతిపాదన వచ్చింది. ఎవరూ స్పందించలేదు. నిర్ణయం కాలేదు. వదినను అడగాలి."

మేనేజరుగారు అది కొట్టేసి, మర్నాడు అందర్నీ గదిలో కూర్చోబెట్టారు. కంప్యూటరును ముందు పెట్టారు.

"ఈ క్షణం నుంచి మౌనం అంగీకారమే. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి."

ఒక్కరూ నోరు మెదపలేదు. ఛీ, వీళ్ళూ మనుషులేనా!

"చూశావా, పాసైంది," అంటూ ఆయన గెలిచిన ఊపులో పొగలు కక్కే టీ గుటుక్కున నోట్లో పోసుకున్నారు.

అదే అదననుకుని లేచాను. "ఇకమీదట మౌనాన్ని అంగీకారంగా రాయకూడదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి."

మళ్ళీ నిశ్శబ్దం. మేనేజరుగారు మింగలేరు, కక్కలేరు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీ రూలు ప్రకారమే పాసైందండీ," అన్నాను.

అప్పుడు వెనకనుంచి వదిన లేచింది, పాపను చంకనేసుకుని. "ఎవరైనా నన్నడుగుతారేమోనని మొన్నటినుంచీ చూస్తున్నా. నేను వెళ్ళను. దీనికి పాలెవరిస్తారు?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అకౌంటెంటుగారు ఈసారి మైకు లేకుండానే "వెళ్ళక్కర్లేదు!" అని అరిచారు. సేల్స్ బాబాయి ఉలిక్కిపడి లేచి "అవును, అవును," అన్నాడు.

మేనేజరుగారు కాలిన నాలుకతో తలూపారు.

"తలూపితే కంప్యూటరుకు వినపడదండీ. నోటితో చెప్పాలి."

"ఉండనీ," అని గొణిగారు.

"వినపళ్ళేదండీ," అంది వదిన.

"ఇక్కడే ఉండమ్మా!"

ఆ అరుపుకు పాప కెవ్వుమంది. కంప్యూటరు దాన్ని కూడా ఎక్కించింది: [గుర్తు తెలియని వ్యక్తి మాట్లాడుతున్నారు]. అది తీసెయ్యకుండా అలాగే ఉంచి, కింద నిర్ణయం రాశాను: వదిన ఇక్కడే ఉంటుంది, అడగకపోయినా చెప్పింది.