ఖండించుకోకూడని గీతలు

చిక్కడపల్లి గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్న శ్రీదివ్యకు ఓపిక నశించింది. పక్కన ఆమని మళ్లీ రెండు ఉదాసీనతా వక్రరేఖలను ఒకదాన్నొకటి ఖండించుకునేలా గీసింది. రేపు కోచింగ్‌లో అర్థశాస్త్రం పరీక్ష. అది చాలదన్నట్టు, ఇద్దరూ కలిసి ఉండటానికి సాయంత్రంలోగా గది ఖాయం చేసుకోవాలి. మూడు చూశారు. కిరాయి మూడింటికీ ఒకటే. ఎప్పుడడిగినా ఆమనిది ఒకటే పాట: "ఏదైనా నాకు పర్వాలేదు."

"ఒక గీత మీద ఉన్నవన్నీ మనకు సమానంగ నచ్చినవే," అంది శ్రీదివ్య. "గదుల సంగతే తీస్కో. పెద్దగుండుడు ఒక సుఖం, లైబ్రరీకి దగ్గరుండుడు ఇంకోటి. గది ఇరుకైతే, అంతే తృప్తి కావాల్నంటే జర దగ్గరన్న ఉండాలె. ఒకటి తగ్గితే ఇంకోటి పెరగాలె. అందుకే గీత కిందికి వాలుతది. రెండూ పెరిగినంక గూడ అంతే తృప్తి అంటే ఎవరు నమ్ముతరు?"

"అది అర్థమైందే. ఖండించుకుంటే మాత్రం ఏమవుతుంది?"

శ్రీదివ్య తల పట్టుకుంది. "నారాయణగూడ గది, అశోక్‌నగర్ గది నీకు సమానమే అన్నవ్ గదా?"

"అన్నాను."

"అశోక్‌నగర్‌ది, రాంనగర్‌ది గూడ సమానమే అన్నవ్."

"అవును. అశోక్‌నగర్‌ది దగ్గరైనా ఇరుకు, రాంనగర్‌ది కాస్త పెద్దదైనా దూరం."

"అంటే నీ రెండు గీతలు అశోక్‌నగర్ దగ్గర కలుస్తున్నయి. గట్లయితే నారాయణగూడ, రాంనగర్ గూడ నీకు సమానం కావాలె. కానీ నారాయణగూడ గది రాంనగర్ దానికన్న పెద్దది, లైబ్రరీకి దగ్గర గూడ. రెండిట్ల మెరుగున్నది సమానమెట్లయితది?"

ఆమని ఆ రెండు గీతలనూ కొట్టేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక అబద్ధం చెప్పాను," అంది మెల్లగా. "నాకు నారాయణగూడే నచ్చింది. నువ్వు అశోక్‌నగర్ అశోక్‌నగర్ అంటున్నావని, రెండూ ఒకటే అన్నాను. రాంనగర్ సంగతి మాత్రం నిజమే."

శ్రీదివ్యకు ఒళ్లు మండింది. "ఈ ముక్క మొదలే చెప్తే ఏం పోతుండె? ఎండల ఎన్ని గల్లీలు తిప్పినవే నన్ను."

అప్పటికప్పుడే నారాయణగూడ గది యజమాని రాజేశానికి ఫోన్ చేసింది. పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి పోయారట.

ఫోన్ పెట్టేసి, ఆమనిని కొట్టాలో నవ్వాలో తెలియక గుర్రుగా చూసింది.

"ఇగ అశోక్‌నగర్, రాంనగర్‌లే మిగిలినయి. నిజం చెప్పు, నీకు రెండూ సమానమేనా?"

"ఒట్టు, సమానమే."

"అయితే అశోక్‌నగర్. ఇంకో మాట మాట్లాడకు," అంటూ శ్రీదివ్య లేచి దుమ్ము దులుపుకుంది. ఆమని మాత్రం కాగితం తిప్పి, ఈసారి గీతలను ఎడంగా గీయసాగింది.